పదకొండో పొట్లం

ఆళ్లగడ్డలో బస్సులు ఆగే చోటుకు నాలుగడుగుల దూరంలో, ఒక చిన్న గదిలో, రామసుబ్బమ్మ కాఫీపొడి అమ్మేది. గింజలు వేయించడం, మర పట్టడం నంద్యాలలో తమ్ముడు మద్దిలేటి అంగట్లో జరిగేది. వారానికి రెండు డబ్బాలు బస్సు మీద వచ్చేవి. డబ్బా మూత తీయగానే వాసన వీధి మలుపు దాకా పోయేది. ఆమె పొట్లం కట్టే తీరు చూడటానికే కొందరు నిలబడేవాళ్ళు. కాగితం, దారం, ఒక్క మెలిక, అంతే.

ఆమెకు పంతొమ్మిదేళ్ళ వయసులో భర్త పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చిన ఏడాదికే తల్లి కూడా పోయింది. అప్పటికి మద్దిలేటి నాలుగేళ్ళవాడు. వాడికి నీళ్ళు పోసింది, అన్నం పెట్టింది, బడికి పంపింది అన్నీ తనే. నాయన కాలం చేశాక వాడు కాఫీపొడి అంగడి పెట్టుకుంటానంటే చేతి గాజులు తీసి ఇచ్చింది. వాడికి పెళ్ళయి, లీలావతి కాపురానికి వచ్చిన మరుసటేడు, తనంతట తనే అంది:

"ఆళ్లగడ్డలో ఒక గది బాడుక్కి తీసియ్యి నాయనా. నేనూ రోంత అమ్మతా. ఊరికే కూచోని తినేది నా వల్ల కాదు."

అలా మొదలైన ఆ గది ఆమెకు అంగడీ అయింది, ఇల్లూ అయింది. చదువు ఆమెకు అక్కడే వచ్చింది. పక్కింట్లో ఉండే బడి పంతులమ్మ సువార్తమ్మ సాయంత్రాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. నలభై దాటాక వచ్చిన చదువు కనుక రామసుబ్బమ్మ దాన్ని వృథా పోనిచ్చేది కాదు. ఎవరు ఏ రోజు ఎంత పొడి తీసుకున్నారో పేరుతో సహా నోటుపుస్తకంలో రాసేది. మొదటిసారి వచ్చినవాళ్ళ పేరు పక్కన చిన్న చుక్క పెట్టేది. ఎందుకని సువార్తమ్మ అడిగితే, "మళ్ళొచ్చినప్పుడు పేరు పెట్టి పిలవాల కద" అనేది.

పంతొమ్మిది వందల యాభై ఐదులో, ఆషాఢంలో, నంద్యాల బజారులో మద్దిలేటి అంగడికి ఎదురుగా ఇంకో కాఫీపొడి అంగడి తెరిచారు. అద్దాల బీరువాలు, రంగు డబ్బాలు. మద్దిలేటికి నిద్ర కరువైంది. మూడు నెలలు ఆలోచించి, దసరా వెళ్ళాక ఒకనాడు ఆళ్లగడ్డకు వచ్చి జేబులోంచి ఒక పచ్చకాగితం చీటీ తీసి అక్క చేతిలో పెట్టాడు. దాని మీద నెమలి బొమ్మ అచ్చు వేసి ఉంది.

"పావు పౌను పొట్లం కొంటే ఒక చీటీ ఇస్తాక్కా. అట్ల పది చీట్లు కూడబెట్టి తెస్తే పదకొండో పొట్లం ఊరికే. ఇంక ఎదురంగడికి ఎవురు పోతారు? కొత్తోళ్ళు గూడా మన దగ్గిరికే వస్తారు సూడు."

వాడి ముఖం బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న నాటిలా ఉంది. రామసుబ్బమ్మకు కడుపు నిండిపోయింది.

"బాగుండాది నాయనా. నాగ్గూడా ఒక కట్ట ఇయ్యి. ఈడా ఇస్తా."

మద్దిలేటి చీటీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఈడెందుకు లేక్కా? ఈడ మనకు పోటీ ల్యాదు. అచ్చుకు దుడ్లు పెట్టినా గదా, నంద్యాలకే చాలీచాలకుండా ఉండాయి."

వాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అయినా బస్సు వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు పొట్లాలు కట్టకుండా కూర్చుంది. ఆ తరువాత నంద్యాల వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళే. "మీ తమ్ముడు చీట్లిస్తాండాడంట. నువ్వీవా రామసుబ్బమ్మా?" ఆమె జవాబుగా ఇంకో చిటికెడు పొడి ఎక్కువ తూచేది.

మాఘమాసం వచ్చింది. మద్దిలేటి మళ్ళీ ఆళ్లగడ్డలో బస్సు దిగాడు. ఈసారి జేబులోంచి ఏమీ తీయలేదు. అక్క ఇచ్చిన మజ్జిగ తాగాడు. గడప మీద కూర్చుని చాలాసేపు రోడ్డు చూశాడు.

"నంద్యాలలో బేరం నూటికి ఇరవై అయిదు పెరిగిందక్కా" అన్నాడు చివరికి. "చీట్ల కోసం జనాలు ఎగబడతాండారు. అయినా దుడ్లు చేతిలో ఆడడం ల్యా. గింజలు తెప్పియ్యాలంటే తడుముకోవాల్సొస్తాంది. రెండంగళ్ళు మొయ్యలేకనేమో అనిపిస్తాంది. ఈ గది బాడిగ, డబ్బాలకు బస్సు చార్జీ... ఈడ మూసేసి, నువ్వు నంద్యాలకు వచ్చేయి. ఇంట్లో కూచోని పిల్లల్ని సూసుకో. ఇంకెంత కాలం కష్టపడతావు?"

ప్రేమతోనే అన్నాడు. అది ఆమెకు తెలుసు. మజ్జిగ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

"రెండు దినాలాగు నాయనా" అంది. "నేనొకసారి నంద్యాలకు వచ్చి సూసి చెప్తా."

మర్నాడు గదికి తాళం వేసి, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా పత్తి చేలు, ఎర్రగా జొన్న కంకులు. ఆమె ఏమీ చూడలేదు. తన గది మూతపడుతుందన్న దిగులు ఒక పక్క, బేరం పెరిగితే దుడ్లు ఎందుకు లేవన్న ప్రశ్న ఇంకో పక్క.

నంద్యాల అంగట్లో గల్లాపెట్టె వెనక, గింజల మూటల పక్కన పీట వేసుకుని పొద్దున్నుంచి కూర్చుంది. చీట్లు తెచ్చి ఇచ్చేవాళ్ళనే చూసింది. మొదట కాఫీ హోటలు కొండయ్య వచ్చాడు. వారానికి పది పౌన్లు కొనే మనిషి. నలభై చీట్లు లెక్కబెట్టి ఇచ్చి, నాలుగు పొట్లాల లెక్కన పౌను పొడి ఊరికే పట్టుకుపోయాడు.

"వారం వారం ఇంతేనా?" అని లీలావతిని మెల్లగా అడిగింది.

"అవునొదినా" అంది లీలావతి, త్రాసు తుడుస్తూ. "మనం అంగడి తెరిచినప్పట్నుంచీ ఆయన మన దగ్గిరే కొంటాండాడు."

తరువాత ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే జీవమ్మ వచ్చింది. చీట్లను చేతిరుమాల్లో మడిచి తెచ్చింది. ఒక పొట్లం కొని, కొత్తగా వచ్చిన చీటీని కూడా అందులోనే చుట్టుకుంది. "రెండో పదిలో ఏడైనాయి తల్లీ. ఇంక మూడు" అని సంబరంగా చెప్పింది. ఆమె ఆరేళ్ళుగా వారానికొక పొట్లం ఇక్కడే కొంటున్న మనిషి. ఆ తరువాత వచ్చిన తాలూకాఫీసు గుమాస్తా, దర్జీ, పూలంగడి ఆదిలక్ష్మమ్మ, అందరూ రామసుబ్బమ్మను చూసి "ఎప్పుడొస్తివమ్మా?" అని పలకరించినవాళ్ళే. ఆమె నంద్యాలలో ఉన్న రోజుల నుంచి తెలిసిన ముఖాలు.

మధ్యాహ్నం అంగడి మూసి మద్దిలేటి భోజనానికి కూర్చుని లేచి, కునుకు తీస్తున్నాడు. వదినా మరదళ్ళు వంటింట్లో చింతగింజలు ముందేసుకున్నారు. లీలావతి ఏడో తరగతి చదివింది. లెక్క చురుకు.

"పొట్లం పదణాలకు అమ్ముతాం" అంది రామసుబ్బమ్మ. "గింజలు, కట్టెలు, కాగితం, తరుగు అన్నీ వేసుకుంటే మనకెంత పడుతాది?"

"ఎనిమిదిన్నర. అణాన్నర మిగులుతాది."

"పది పొట్లాలకు పదైదణాలు." పదిహేను గింజలు ఒక వరసలో పెట్టింది. "పదకొండోది ఊరికే ఇస్తాం. మనకు పడింది ఎనిమిదిన్నర." ఎనిమిది గింజలు తీసి పక్కన పెట్టి, తొమ్మిదోదాన్ని అడ్డంగా తిప్పింది. మిగిలిన కుప్ప బక్కగా కనిపించింది.

లీలావతి నోరు తెరిచింది. "పదింటికి ఒకటంటే పదో వంతు పోతాదనుకున్యాం వదినా. సగం కంటే ఎక్కువే పోతాంది!"

"అమ్మకంలో పదో వంతే. లాభంలో సగం. అయినా బేరం పెరిగిందంటాండాడు కద. ఆ పెరిగింది చీట్ల వల్లనే అయితే సరే. అదే నాకు తెలీడం ల్యా."

నోటుపుస్తకం తెరిచింది. ఆళ్లగడ్డలో చీట్లు లేవు. అదే పొడి, అదే ధర, అదే నెలలు. దసరాకు ముందు నూరు పొట్లాలు అమ్మిన చోట, కార్తీకం నుంచి నూటఇరవై అమ్మింది. ఆమె పుస్తకంలోని పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. అంతకు ముందేడూ చలి మొదలై పంట దుడ్లు చేతికొచ్చినప్పుడు అలాగే నూటికి ఇరవై పెరిగింది. లీలావతి నంద్యాల పాత పద్దుపుస్తకం తెచ్చింది. నంద్యాలలోనూ పోయినేడు అంతే.

"అంటే" అంది లీలావతి నెమ్మదిగా, "చీట్లు లేకున్నా నంద్యాలలో నూటఇరవై అమ్ముడుపోయేటివి. చీట్లు తెచ్చింది అయిదు."

"ఆ అయిదింటి మీద మిగిలింది ఏడున్నరణాలు. దానికోసం ఎన్ని ఊరికే ఇచ్చినారు?"

"నూటఇరవై అయిదుకు పన్నెండు రావాల. ఇంతవరకు తీసుకపోయింది పది."

"ఎనభై అయిదణాలు."

లీలావతికి కళ్ళు చెమర్చాయి. "ఆయన ఎంత ఆశపడినాడో వదినా. ఆ నెమలి బొమ్మ తనే గీసిచ్చినాడు."

రామసుబ్బమ్మ గింజలన్నీ చేటలోకి తోసేసింది. వాడికి ఈ సంగతి ఎలా చెప్పాలన్నదే ఆమెకు లెక్క కంటే కష్టంగా ఉంది. వాడి వెనకాల ఎవరో నవ్వినట్టు కాకూడదు. ఎదురంగడికి తెలియకూడదు. వాడు తనను తాను తిట్టుకోకూడదు.

కునుకు తీసి లేచిన తమ్ముడికి కాఫీ కలిపి ఇచ్చి, పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. మొదట వాడు నమ్మలేదు. తరువాత కోపం వచ్చింది.

"ఆళ్లగడ్డతో పోలికేందక్కా? ఆడ పోటీ ల్యాదు. ఈడ చీట్లే లేకుంటే నా వాళ్ళంతా ఎదురంగడికి పోయుందురు. వాళ్ళు పోకుండా ఆపింది చీట్లే!"

ఆ మాట రామసుబ్బమ్మకు అంతదాకా తట్టలేదు. అది సరైన మాటే. ఆమె కాదనలేదు. "అది నేననుకోలా. సూడాల్సిందే" అంది.

దానికి జవాబు లీలావతికి తెలిసింది. "వాళ్ళు ఆషాఢంలో తెరిచినారు కద. చీట్లు మొదలుపెట్టింది కార్తీకంలో. నడుమ మూడు నెలలు చీట్లు ల్యాకుండా ఉంటిమి. అప్పుడెంతమంది పోయినారు?"

మద్దిలేటి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నాలుగిళ్ళు పోయాయి. వాటిలో రెండు దీపావళికి ముందే తిరిగొచ్చాయి, ఆ పొడి చేదుగా ఉందని. ఆ మూడు నెలల అమ్మకం పద్దులో చూస్తే, ముందు నెలలకూ దానికీ తేడా కనిపించలేదు. ఎదురంగడి వాళ్ళు బస్సు దిగే కొత్తవాళ్ళకు అమ్ముకుంటున్నారే గాని, వీళ్ళ ఇళ్ళను తీసుకుపోలేదు.

మద్దిలేటి చేతిలో గ్లాసు చల్లారిపోయింది. తలెత్తలేదు. "లేని భయానికి నేను దుడ్లు పోసినాను" అన్నాడు. "పైగా నీ అంగడి మూయమంటిని."

రామసుబ్బమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టింది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. జుట్టు ఇప్పటికీ చిన్నప్పటిలాగే గరుకు.

"నువ్వు నాకు చీట్లు ఇయ్యకపోవడమే మంచిదాయ. ఇచ్చుంటే దుడ్లు ఆడా పోయేటివి, ఈడా పోయేటివి. రెండూళ్ళలో ఏం జరిగిందో పోల్చుకునేదానికి ఏమీ మిగిలేది కాదు. లే, ముఖం కడుక్కో."

మద్దిలేటి ఆ పూటే చీట్లు ఆపేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. జీవమ్మ చేతిరుమాలు ఆమె కళ్ళ ముందే ఉంది. "ఇచ్చిన మాట ఇచ్చినట్టే. కొత్త చీటీలు ఇయ్యొద్దు. పాతవి ఉగాది దాకా తెచ్చినోళ్ళకు తెచ్చినట్ల ఇయ్యి. పది కానోళ్ళకు ఉన్నకాడికి తూచి ఇయ్యి." ఆ మాట పలక మీద రాసి అంగడి ముందు తగిలించారు.

ఉగాదికి చీట్లు ముగిశాయి. కొండయ్య కోపగించి రెండు వారాలు ఎదురంగట్లో కొన్నాడు. హోటల్లో కాఫీ మారిందని జనం అనడంతో తిరిగొచ్చాడు. ఆయనతో రామసుబ్బమ్మే మాట్లాడి, పెద్ద బేరం కనుక పౌనుకు ఒక అణా తగ్గిస్తామంది. పదికి ఒక పౌను ఊరికే ఇవ్వడం కంటే అది చాలా తక్కువ. మిగిలిన ఇళ్ళలో మానుకున్నవి నూటికి ఆరు. మద్దిలేటి వాళ్ళ పేర్లు తలచుకుని కొన్నాళ్ళు బాధపడ్డాడు.

అప్పుడు రామసుబ్బమ్మ తన ఆలోచన చెప్పింది. "పాతోళ్ళకు వాళ్ళెట్లాగూ కొనే పొడికి తగ్గించి లాభం ల్యాదు నాయనా. ఎప్పుడూ కొననోళ్ళు రావాల. వచ్చినోళ్ళు నిలబడాల. ఈసారి ఆళ్లగడ్డలో చేసి సూస్తా. నంద్యాలలో ఏమీ చెయ్యొద్దు."

శ్రావణంలో మొదలుపెట్టింది. అచ్చు లేదు, నెమలి లేదు. తెల్లకాగితం ముక్క మీద తన చేత్తో పాత కొనుగోలుదారు పేరు రాసి ఇచ్చేది. వాళ్ళు దాన్ని ఎప్పుడూ తన దగ్గర కొనని ఇంటికి ఇవ్వాలి. ఆ ఇంటివాళ్ళకు మొదటి పొట్లం మీద రెండణాలు తగ్గింపు. ఆ ఇంటివాళ్ళు మూడోసారి వచ్చి పూర్తి ధరకు కొన్నప్పుడే పంపినవాళ్ళకు ఒక పొట్లం ఊరికే.

"మూడోసారి దాకా ఎందుకు?" అని సువార్తమ్మ అడిగింది.

"రెండణాల కోసం ఒకసారి ఎవురైనా వస్తారు పంతులమ్మా. మూడోసారి వచ్చేది పొడి కోసమే."

పుస్తకంలో చుక్కలు ఇప్పుడు వేరే పనికొచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు చుక్క, మూడోసారి వస్తే చుక్క చుట్టూ సున్న. సువార్తమ్మ తన చీటీ బడికి కొత్తగా వచ్చిన ఎస్తేరు పంతులమ్మకు ఇచ్చింది. ఎస్తేరు ఇంకో ఇంటిని తెచ్చింది. ఒకామె పాత ఇల్లే అయినా కొడుకు పేరు చెప్పి రెండణాలు తగ్గించమని అడిగింది. రామసుబ్బమ్మ నవ్వి, "నీ పేరు నాకు తెలీదా అత్తా?" అంది. ఆమె కూడా నవ్వేసింది.

కార్తీకానికి మూడు నెలలు నిండాయి. మద్దిలేటి, లీలావతి ఆళ్లగడ్డకు వచ్చారు. ముగ్గురూ గడప మీద కూర్చుని పుస్తకం చూశారు. పోయినేడు ఇవే మూడు నెలల్లో, ఏ చీటీ లేకుండా, కొత్త ఇళ్ళు తొమ్మిది వచ్చాయి. నిలబడినవి అయిదు. ఈ ఏడాది వచ్చినవి ముప్పై ఒకటి. నిలబడినవి పంతొమ్మిది. నంద్యాలలో కొత్తవాళ్ళ సంఖ్య మారలేదని లీలావతి చెప్పింది.

"పంతొమ్మిదీ చీట్ల వల్ల కాదు" అంది రామసుబ్బమ్మ ముందుగానే. "అయిదు ఎట్లాగూ వచ్చేటివి. పద్నాలుగే మనం సంపాదించినవి."

తగ్గింపులకూ ఊరికే ఇచ్చిన పొట్లాలకూ కలిపి పద్నాలుగు రూపాయలు ఖర్చయింది. ఒక్కో ఇల్లు నెలకు పౌను పొడి కొంటుంది. ఆ పద్నాలుగిళ్ళ మీద నెలకు అయిదు రూపాయల పైచిలుకు మిగులు. మూడు నెలలు కొంటే ఖర్చు తిరిగొస్తుంది. ఆ పైన ఎన్నాళ్ళు కొంటే అన్నాళ్ళు లాభమే. మద్దిలేటి రెండుసార్లు లెక్క వేసుకుని చూశాడు. తరువాత పుస్తకం మూసి, అక్క ఒళ్ళో పెట్టాడు.

"జీవమ్మకు మాత్రం క్రిస్మసుకు ఒక పొట్లం ఇయ్యాల" అంది ఆమె. "ఆరేళ్ళు మన దగ్గరే కొన్న మనిషి. చీట్లాపినప్పుడు ఒక్క మాట అనలా."

"దానివల్ల ఏమొస్తాదొదినా?" అంది లీలావతి, నవ్వుతూనే.

"ఏమీ రాదు. ఊరికే ఇస్తాండామని తెలిసి ఇస్తే చాలు. బేరం పెరుగుతాదని చెప్పుకోకూడదు, అంతే."

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది నంద్యాలలోనూ తెల్లచీట్లు పెట్టారు. ఆళ్లగడ్డలో వచ్చినంత ఫలితం అక్కడ రాలేదు. ఎదురంగడి వాళ్ళు కూడా అలాంటివే మొదలుపెట్టడంతో ఆరు నెలలకు ఆపేశారు. ఆళ్లగడ్డలో మాత్రం పక్క గది కూడా తీసుకోవలసి వచ్చింది. అక్కడే గింజలు వేయించే పొయ్యి పెట్టారు. డబ్బాలకు బస్సు చార్జీ తప్పింది.

ఆ గది తెరిచిన రోజు మద్దిలేటి బస్సు పైనుంచి గోనె చుట్టిన పెద్ద చెక్క ఒకటి దింపించాడు. గోనె విప్పితే బోర్డు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు: రామసుబ్బమ్మ కాఫీపొడి.

ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తన పేరు అంత పెద్దగా ఎక్కడా చూసుకోలేదు. చెంపలు కొంగుతో తుడుచుకుని, ఖర్చెంతయిందని తమ్ముణ్ణి కసురుకుంది.

"ఈ బోర్డు చూసి ఎంతమంది కొత్తోళ్ళు వస్తారు? చెప్పు!"

"ఎవురూ రానక్కర్లేదక్కా" అన్నాడు మద్దిలేటి, మేకు కోసం గోడ తడుముతూ. "దీనికి లెక్క రాయొద్దు."